ఒక బీము, మూడు ఆఫీసులు: బీఆర్క్ తర్వాత మొదటి ఉద్యోగం లెక్క

బీఆర్క్ అయిపోయిన వేసవిలో విజయవాడ, గుంటూరు పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. డిజైన్ ఆఫీసులో చేరాలా, బిల్డర్ దగ్గర చేరాలా, ఇంటీరియర్స్‌లోకి వెళ్లాలా? వాళ్లకు సీనియర్లు చెప్పే జవాబూ దాదాపు ఒకటే. డిజైన్ ఆఫీసులో పని వస్తుంది గానీ జీతం రాదు, బిల్డర్ దగ్గర జీతం వస్తుంది గానీ పని రాదు, ఇంటీరియర్స్‌లో రెండూ కొంచెం కొంచెం వస్తాయి అని. ఇది సగం నిజం. మిగతా సగం తెలియాలంటే ఈ మూడు ఆఫీసుల మధ్య ఒకే బిల్డింగు ఎలా తిరుగుతుందో చూడాలి. బిల్డింగంతా ఎందుకు, ఒక్క బీము చాలు.

పోరంకి వైపు వెయ్యి గజాల స్థలం అనుకుందాం. స్టిల్టు పార్కింగు మీద ఐదు అంతస్తులు. అందులో ఒక త్రీ బీహెచ్‌కే ఫ్లాటు. నైరుతిలో మాస్టర్ బెడ్‌రూమ్, దాన్ని ఆనుకుని టాయిలెట్. రెండింటి మధ్య గోడ నాలుగున్నర అంగుళాలది, అంటే సుమారు 115 మిల్లీమీటర్లు. ఆ గోడ మీదుగా పోయే బీము వెడల్పు 230. గోడకు రెట్టింపు వెడల్పున్న బీము ఒక వైపు గోడతో సమంగా ఉంటే, రెండో వైపు 115 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. టాయిలెట్ వైపు వస్తే గొడవ లేదు. పై ఫ్లాటు పైపులు కనిపించకుండా అక్కడ ఎలాగూ ఫాల్స్ సీలింగు వేస్తారు, బీము అందులో కలిసిపోతుంది. బెడ్‌రూమ్ వైపు వస్తే మాత్రం అందరి కంటా పడుతుంది. బీము కింద మంచం వేయకూడదనే మాట మన ఇళ్లలో ఉండనే ఉంది కాబట్టి, ఇల్లు చూడ్డానికి వచ్చిన పెద్దాయన మొదట వేలు పెట్టి చూపించేదీ దాన్నే.

డిజైన్ ఆఫీసులో ఈ బీము మీ చేతికి కాగితం మీద ఉండగానే వస్తుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు పంపిన డ్రాయింగును మీ ఆర్కిటెక్చరల్ ప్లాన్ మీద పరిచి చూడటం జూనియర్ పని. అలా పరిచినప్పుడు బీము బెడ్‌రూమ్ వైపు వస్తోందని కనిపిస్తుంది. జరపమని ఇంజినీరుకు ఫోన్ చేస్తారు. ఆయన జరపడం ఎంతసేపు, కాలమ్ సంగతేమిటి అంటాడు. అసలు చదువు అక్కడ మొదలవుతుంది. బీము కాలమ్ మీద కూర్చోవాలి. అదే కాలమ్ కింద స్టిల్టులోకి దిగి, రెండున్నర మీటర్ల వెడల్పున గీసుకున్న రెండు కారు గడుల మధ్య నిలబడుతుంది. పైన బెడ్‌రూమ్ బాగుపడాలని కాలమ్‌ను 115 మిల్లీమీటర్లు జరిపితే, కింద ఒక కారు తలుపు తెరుచుకోదు. కాలమ్‌ను అక్కడే ఉంచి దాని రెండో అంచుకు బీమును సరిపెట్టగలమా, గోడనే బీము రెండో అంచు కిందికి జరిపి టాయిలెట్ కొలతలు సవరించుకోగలమా, ఆ సవరణతో పైపులు దిగే డక్టు తలుపు ఎటు పోతుంది, ఇలా ఒక గీత నాలుగు షీట్లు మార్పిస్తుంది. ఇదంతా కాలమ్‌ల చోటు చూపించే సెంటర్‌లైన్ డ్రాయింగు సైటుకు వెళ్లకముందే తేలాలి. మన నల్లరేగడి నేలలో పునాది పైల్స్ మీద వస్తే, పైల్ దిగిన తర్వాత కాలమ్ జరపమని అడిగేవాడు లేడు.

ఇలాంటి రోజు ఒకటి గడిస్తే కాలేజీలో ఏళ్లపాటు విడివిడిగా చదివిన స్ట్రక్చర్స్, సర్వీసెస్, పార్కింగు నిబంధనలు ఒక చోట కలుస్తాయి. అయితే డిజైన్ ఆఫీసు అన్న బోర్డు ఉన్న ప్రతి చోటా ఈ రోజు రాదు.

మన రెండు ఊళ్లలో చాలా చిన్న ఆఫీసులకు రాబడి ప్లాన్ అప్రూవల్స్ నుంచే వస్తుంది. స్థలం కొలతలు, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు చూసుకుని, ఆన్‌లైన్ అనుమతికి కావలసిన పద్ధతిలో డ్రాయింగు సిద్ధం చేసి పెట్టడం వరకే వాళ్ల బాధ్యత. తర్వాత మేస్త్రీ, ఓనరు చూసుకుంటారు. అక్కడ చేరిన జూనియరుకు నిబంధనలు కంఠతా వస్తాయి. అదీ విద్యే, కాదనను. కానీ సబ్మిషన్ డ్రాయింగులో బీము ఉండదు. గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఉంటుంది తప్ప ఎలా కట్టాలో ఉండదు. రెండేళ్లు అదే గీస్తే మీ చేతిలో ఉండేవి ఒకే రకం షీట్లు, స్థలాల కొలతలు మాత్రం వేరు.

దీన్ని ముందే కనిపెట్టొచ్చు. ఇంటర్వ్యూలో మీ పోర్ట్‌ఫోలియో చూపించాక, మీకన్నా ముందు చేరిన జూనియర్ ఈ మధ్య గీసిన ఒక షీటు చూపిస్తారా అని మర్యాదగా అడగండి. సైటుకు పంపిన డ్రాయింగు అయితే మూలనున్న టైటిల్ బ్లాకులో రివిజన్ల పట్టీ ఉంటుంది. ఏ తేదీన ఏం మార్చారో, ఎందుకు మార్చారో అందులో రాసి ఉంటుంది. రెండు మూడు రివిజన్లు, వాటి పక్కన ‘బీము అంచు సవరణ’ లాంటి కారణాలు కనిపిస్తే ఆ ఆఫీసు సైటుతో మాట్లాడుతోందన్నమాట. పట్టీ ఖాళీగా ఉన్న షీట్లే చూపిస్తే, తప్పులు లేని ఆఫీసు అని మురిసిపోకండి. కాగితం బయటికి వెళ్లాక ఏమైందో వాళ్లకు తెలియకపోయి ఉండొచ్చు.

బిల్డర్ దగ్గరికి వద్దాం. అదే బీము ఇక్కడ డబ్బు రూపంలో కనిపిస్తుంది. మొదటి అంతస్తు స్లాబు పోసేశారు, బీము బెడ్‌రూమ్ వైపు వచ్చేసింది, పై నాలుగు అంతస్తుల్లోనైనా మారుద్దామని మీరు అన్నారనుకుందాం. ప్రాజెక్టు మేనేజరు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. సెంట్రింగు సామాను మొదటి అంతస్తు కొలతలకు కోసి ఉంది, మళ్లీ కోస్తే ఎంత? స్టీలు వంచి పెట్టేశారు, అందులో ఎంత పనికొస్తుంది? డ్రాయింగు మళ్లీ వచ్చేదాకా గుత్తమేస్త్రీ మనుషులు ఊరికే కూర్చుంటే కూలి ఎవరిస్తారు? మార్చడం వల్ల ఒక్క ఫ్లాటు కూడా ఎక్కువ ధరకు అమ్ముడుపోదని తేలితే బీము అక్కడే ఉంటుంది. డిజైన్ చదివినవాళ్లకు ఈ నిర్ణయం చేదుగా ఉంటుంది గానీ, ఒక గీతకు వెల ఎంతో ఇంత సూటిగా చెప్పే చోటు మరొకటి లేదు.

బిల్డర్ ఆఫీసులో దొరికే రెండో పాఠం రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అదే రెరా. 2016 నాటి ఆ చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో పెట్టాలి. అందులోంచి తీయాలంటే, తీసేది పని జరిగిన మేరకే ఉందని ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రాలివ్వాలి. ఆ ఆర్కిటెక్టు కోసం సైటులో ఏ పని ఎంత శాతం అయిందో లెక్క కట్టి ఇచ్చే బాధ్యత జూనియరుకు దొరికితే ఎగిరి గంతేసి తీసుకోండి. బ్రోచరులో కార్పెట్ ఏరియా సరిచూసే పని కూడా అంతే. లోపలి విభజన గోడల మందం అందులోకి వస్తుంది, బయటి గోడలు, డక్టులు, బాల్కనీ రావు. మన 115 మిల్లీమీటర్ల గోడను రెండు గదుల మధ్య ఎక్కడ జరిపినా ఫ్లాటు కార్పెట్ ఏరియా మారదు, డక్టును ఆనుకున్న గోడను జరిపితే మారుతుంది. ఈ తేడా చూడగానే పట్టేసే ఆర్కిటెక్టులు నాకు తెలిసినంతలో తక్కువే, వాళ్లలో ఎక్కువమంది ఎప్పుడో ఒకప్పుడు బిల్డర్ దగ్గర పనిచేసినవాళ్లే.

ఇక్కడ చిక్కేమిటంటే, మన దగ్గర చాలామంది బిల్డర్లు డిజైన్ బయటి ఆర్కిటెక్టుకు ఇస్తారు. లోపల కూర్చున్న మీ పని ఆ డ్రాయింగులు తెప్పించడం, సైటుకు చేర్చడం, టైల్స్ శాంపిళ్లకు సంతకాలు చేయించడం, కొనుగోలుదారులు అడిగిన మార్పులు రాసుకోవడం. మొదటి ఆరు నెలలు ఇది బాగుంటుంది. ఆ తర్వాత గీసే చెయ్యి మొద్దుబారుతుంది. సొంత డిజైన్ బృందం ఉన్న డెవలపర్ అయితే కథ వేరు. అందుకని అక్కడ అడగాల్సింది పదవి పేరు గురించి కాదు, సైటుకు వెళ్లే డ్రాయింగులు ఎవరు విడుదల చేస్తారన్నదే.

ఇంటీరియర్ స్టూడియోకు ఈ బీము కాంక్రీటుగా మారిన తర్వాత చేరుతుంది. గృహప్రవేశం దగ్గర పడింది, బెడ్‌రూమ్‌లో ఆ గోడకే వార్డ్‌రోబ్ కావాలి. మీరు లేజర్ మీటరు పట్టుకుని వెళ్తారు. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య 3000 మిల్లీమీటర్లు, అందులో ఫ్లోరింగు 50, పైన స్లాబు 125 పోతే నేల నుంచి సీలింగు ఎత్తు 2825 రావాలి. బీము స్లాబుతో కలిపి 450, అంటే స్లాబు కిందికి 325 వేలాడుతుంది. కాబట్టి బీము అడుగు 2500 దగ్గర ఉంటుంది. ఇది కాగితం లెక్క. సైటులో ఒక మూల 2490, ఇంకో మూల 2505 వస్తుంది, మేస్త్రీ ప్లాస్టరింగును బట్టి. వార్డ్‌రోబ్ 2100 ఎత్తు, 600 లోతు. పైన లాఫ్టు సీలింగు దాకా కావాలంటే బీము దగ్గర దాని లోతు 485కే వస్తుంది. అక్కడ లాఫ్టు పెట్టెను రెండుగా చేసి వెనక మెట్టు తీయాలా, లేక 2490 కన్నా కిందే ఆపేసి పైన పట్టీ మూయాలా? మెట్టు తీస్తే ప్లైవుడ్ వృథా, కార్పెంటరుకు ఒక పూట అదనం. ఆపేస్తే ఇంటావిడ ఉద్దేశించిన పెద్ద సూట్‌కేసు పట్టదు.

ఈ నిర్ణయం ఫలితం వారాల్లో మీ కళ్ల ముందు నిలబడుతుంది. మీరు 2505 అని రాసుకొచ్చి ఫ్యాక్టరీకి కటింగ్ లిస్టు పంపితే, పెట్టె వచ్చి ఒక మూల ఇరుక్కుంటుంది. తలుపు తెరుచుకోకపోతే ఫోన్ మీకే వస్తుంది. డిజైన్ ఆఫీసులో గీసిన తప్పు బయటపడటానికి ఏడాది పట్టొచ్చు, అప్పటికి మీరు ఉద్యోగం మారి ఉండొచ్చు కూడా. కొలత, మెటీరియలు, హార్డ్‌వేరు, మనుషులతో మాట, ఈ నాలుగూ ఇంటీరియర్స్ నేర్పినంత త్వరగా ఏదీ నేర్పదు. దాని హద్దు కూడా ఈ బీములోనే ఉంది. ఉన్నదాన్ని దాచడమే తప్ప జరపడం మీ చేతిలో లేదు. గాలి ఎటు నుంచి రావాలి, పడమటెండ ఏ గోడ మీద పడాలి అన్న ప్రశ్నలు అప్పటికే తేలిపోయి ఉంటాయి. పైగా కొన్ని స్టూడియోల్లో డిజైనరు అంటే సగం సేల్స్. పొద్దున త్రీడీ చూపించి సాయంత్రానికి అడ్వాన్సు రాబట్టాలి. ఆ టార్గెట్ నెలకు ఎంతో చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

జీతం లెక్క ఇప్పుడు వేద్దాం. లెక్క అర్థం కావడానికి మూడు ఆఫర్లు నేనే ఊహించి రాస్తున్నాను, మీ కాగితంలో ఉన్న అంకెలు వీటి చోట వేసుకోండి. లబ్బీపేటలో డిజైన్ ఆఫీసు నెలకు 16,000 అంది. తాడేపల్లిలో బిల్డర్ ఏడాదికి 3 లక్షల సీటీసీ, అంటే మీ మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు, అన్నాడు. గుంటూరు లక్ష్మీపురంలో ఇంటీరియర్ స్టూడియో 20,000, పైన ఇన్సెంటివ్ అంది.

డిజైన్ ఆఫీసు లెక్క చిన్నది. మన రాష్ట్రంలో 15,000 దాటి 20,000 లోపు జీతానికి వృత్తి పన్ను 150. చేతికి 15,850 వస్తుంది. చిన్న ఆఫీసు కాబట్టి పీఎఫ్ ఉండకపోవచ్చు, 20 మంది ఉన్న సంస్థలకే అది తప్పనిసరి.

బిల్డర్ చెప్పిన 3 లక్షలు నెలకు 25,000 లాగా వినిపిస్తాయి. అందులో మూల వేతనం 12,500 అనుకుంటే, సంస్థ కట్టే పీఎఫ్ వాటా 1,500, గ్రాట్యుటీ కింద చూపించే సుమారు 600 సీటీసీలోనే కలిపి ఉంటాయి. మిగిలిన 22,900లో మీ పీఎఫ్ వాటా 1,500, వృత్తి పన్ను 200 పోతే చేతికి 21,200. పీఎఫ్ మీ డబ్బే, పోయిందనుకోనక్కర్లేదు. గ్రాట్యుటీ మాత్రం రెండేళ్లలో మానేసే మామూలు ఉద్యోగి చేతికి రాదు.

ఇంటీరియర్ స్టూడియో 20,000లో ఒక మెలిక ఉంటుంది. ఆఫర్ లెటరులో ఉద్యోగి అనకుండా ‘కన్సల్టెంట్’ అని రాస్తే అది జీతం కింద రాదు, వృత్తి రుసుము కిందికి వస్తుంది. పది శాతం టీడీఎస్ కోసుకుని 18,000 ఇస్తారు. మీ ఏడాది ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే ఆ 24,000 రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, వేయకపోతే పోయినట్టే. పీఎఫ్, జీతంతో కూడిన సెలవులు ఉండకపోవచ్చు. రోజూ సైట్లకు తిరిగే బండి పెట్రోలు ఎవరిదో రాసి ఉందో లేదో చూడండి. ఇన్సెంటివ్ సంతకం నాడు వస్తుందా, కస్టమరు చివరి వాయిదా కట్టాక వస్తుందా అన్నది ఇంకా ముఖ్యం. చివరి వాయిదా ఆ ఇరుక్కున్న లాఫ్టు తలుపు బాగయ్యేదాకా ఎవరూ కట్టరు.

చేతికొచ్చే డబ్బులో డిజైన్ ఆఫీసుకూ బిల్డర్‌కూ తేడా నెలకు 5,350, ఏడాదికి 64,000 పైచిలుకు. డిజైన్ ఆఫీసులో చేరితే ఈ మొత్తం మీరు ఎదురు కట్టే ఫీజు అనుకోవాలి. సెంటర్‌లైన్ నుంచి కనీసం రెండు మూడు స్లాబుల దాకా ఒకే బిల్డింగుతో నడవనిచ్చే ఆఫీసైతే ఆ ఫీజు చవక. సబ్మిషన్ డ్రాయింగులే గీయించే ఆఫీసైతే దండగ, అంతకన్నా బిల్డరే నయం. గుంటూరులో ఇంట్లో ఉండి ఇంటీరియర్ స్టూడియోకు నడిచి వెళ్లగలిగే పిల్లకు, విజయవాడలో హాస్టలు కట్టి డిజైన్ ఆఫీసులో చేరడం ఇంకా ఖరీదు అవుతుంది. అప్పు తీర్చాల్సిన ఇల్లయితే మొదటి రెండేళ్లు బిల్డర్ దగ్గర చేయడంలో చిన్నతనమేమీ లేదు. అక్కడి నుంచి డిజైన్‌లోకి తిరిగి రావాలంటే మాత్రం సాయంత్రాలు చేతిలో పెన్సిలు ఉండాలి.

పోర్ట్‌ఫోలియో సంగతి చాలామంది ఆఖరున, ఉద్యోగం మానేసే వారంలో ఆలోచిస్తారు. అప్పటికి ఆలస్యం. ఉద్యోగిగా మీరు గీసిన డ్రాయింగుల కాపీరైటు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 చట్టం ప్రకారం సంస్థదే. ‘నేను పనిచేసిన డ్రాయింగుల నుంచి కొన్ని, కస్టమరు పేరు, చిరునామా తీసేసి, సంస్థ పేరు వేసి చూపించుకోవచ్చు’ అన్న ఒక్క వాక్యం చేరేటప్పుడే మెయిల్లో తెప్పించుకోండి. చేరేటప్పుడు కాదనేవాళ్లు తక్కువ, మానేసేటప్పుడు అవుననేవాళ్లు తక్కువ.

అనుమతి ఉంది కదా అని ఏది పడితే అది పెట్టకూడదు. బిల్డర్ బ్రోచరులోని సాయంత్రపు ఎలివేషను బొమ్మ బయటి ఏజెన్సీ చేసింది, అందులో మీదేమీ లేదు, ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఇంటీరియర్ స్టూడియో ఫొటోలు కంటికి బాగుంటాయి గానీ ఒకే లామినేటు, ఒకే ప్రొఫైల్ లైటు పది ఇళ్లలో కనిపిస్తే ఎదుటివాళ్లు మూడో పేజీకే తిప్పడం ఆపేస్తారు. నేను అభ్యర్థుల పోర్ట్‌ఫోలియోలు చూసేటప్పుడు ఆగిపోయే పేజీ ఒకటుంది. ఎడమ పక్క మొదటి డ్రాయింగు, మధ్యలో ఎర్ర గీతతో గుర్తు పెట్టిన సమస్య, కుడి పక్క సవరించిన డ్రాయింగు, కింద సైటు ఫొటో, ఇందులో తను చేసింది ఏమిటో రెండు వాక్యాలు. మన బీము కథ సరిగ్గా ఆ పేజీ. డిజైన్ ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు దాన్ని గీతలతో చెబుతారు. బిల్డర్ దగ్గర చేసినవాళ్లు మార్చితే ఎంత, మార్చకపోతే ఎంత అన్న చిన్న పట్టికతో చెప్పొచ్చు. ఇంటీరియర్స్ నుంచి వచ్చినవాళ్లు మెట్టు తీసిన లాఫ్టు సెక్షనుతో చెప్పొచ్చు. హైదరాబాదు, బెంగళూరు ఆఫీసుల కంటికి మొదటిది ఎక్కువ ఆనుతుంది. ప్రాజెక్టు మేనేజ్‌మెంటు వైపు పైచదువుకు రెండోదానికి విలువ ఎక్కువ. మూడోది సొంతంగా ఇళ్ల పనులు మొదలుపెట్టేవాళ్లకు నేరుగా కస్టమర్లను తెస్తుంది.

ఎక్కడ చేరినా ముందుగా కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోండి. 1972 చట్టం ప్రకారం అది లేనిదే ‘ఆర్కిటెక్ట్’ అని పేరు పక్కన రాసుకోకూడదు. ఇంటీరియర్ స్టూడియోలో ‘డిజైనర్’ అనే కార్డు ఇస్తారు కాబట్టి అవసరం లేదని వాయిదా వేసేవాళ్లుంటారు, తీరా ఉద్యోగం మారే వేళ పరుగులు పెడతారు.

చేరిన మూడు నెలలకు ఒక సాయంత్రం కూర్చుని మీరు చేసిన ఫైళ్లు తేదీల వారీగా చూసుకోండి. మీరు గీసింది సైటుకు వెళ్లి, అక్కడి నుంచి ప్రశ్నగా తిరిగొచ్చి, సవరించి మళ్లీ పంపినవి ఒకటి రెండైనా ఉన్నాయా? ఉంటే జీతం పెంపు గురించి ఏడాదికి మాట్లాడుకోవచ్చు, అప్పటికి అడగడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది. లేకపోతే వారంలో ఒక రోజు సైటు కావాలని, ఒక చిన్న బిల్డింగు వర్కింగ్ డ్రాయింగులు మొత్తం మీకే ఇవ్వమని ప్రిన్సిపల్ ఆర్కిటెక్టును అడగండి. కుదరదని ఆయన నేరుగా చెబితే ఇంకో నెల చూసి, నోటీసు పీరియడ్ ఎంతో ఆఫర్ లెటరులో మళ్లీ చదువుకుని, పోర్ట్‌ఫోలియో పంపడం మొదలుపెట్టండి.